మందు విషయంలో ఊగిసలాడే రోగితో పన్నెండు నిమిషాలు: వ్యాఖ్యానంతో ఒక రోల్‌ప్లే

తాగే మనిషిలో తాగాలన్న కోరిక, మానాలన్న కోరిక రెండూ ఒకేసారి ఉంటాయి. డాక్టరు అందులో ఏ సగాన్ని తన నోటితో పలికితే, రోగి రెండో సగాన్ని అందుకుంటాడు. మనం "మానేయాలి" అన్నామంటే, మానలేకపోవడానికి ఉన్న కారణాలన్నీ ఆయన ఏకరువు పెడతాడు; అలా పెడుతున్నంతసేపూ తన మాటలు తానే వింటూ, వాటినే మరింత గట్టిగా నమ్ముతాడు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతికి పునాది ఈ పరిశీలనే. రోగి ఊగిసలాటను మన వాదనతో తెంచేయకుండా, మానాలన్న సగం ఆయన నోటి నుంచే వచ్చేలా సంభాషణను నడపడమే ఇందులో నేర్చుకోవలసిన పని.

దీన్ని రోల్‌ప్లే ద్వారా నేర్పడానికి ఒక చారిత్రక కారణం కూడా ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1982లో నార్వేలోని బెర్గెన్ దగ్గర ఒక మద్యపాన చికిత్సాలయంలో ఉన్నప్పుడు, అక్కడి యువ మనస్తత్వవేత్తలు తమకు కష్టంగా ఉన్న రోగుల పాత్రలు తామే వేసి, ఆయనను మాట్లాడి చూపించమన్నారు. మధ్యమధ్యలో ఆపి, ఆ మాటే ఎందుకన్నారు, ఇంకో మాట ఎందుకు అనలేదు అని అడిగారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకునే క్రమంలోనే తాను ఏం చేస్తున్నాడో ఆయనకు స్పష్టమైంది. 1983లో మొదటి వ్యాసం, 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకం వచ్చాయి. కింది స్క్రిప్టును కూడా మీరు అదే విధంగా వాడండి: ప్రతి మలుపు దగ్గర ఆపి, "ఇక్కడ ఈ మాటే ఎందుకు?" అని అడగండి.

మొదలుపెట్టే ముందు

ముగ్గురు చొప్పున కూర్చోండి. ఒకరు డాక్టరు, ఒకరు రోగి, ఒకరు పరిశీలకులు. సంభాషణకు 12 నిమిషాలు, చర్చకు కనీసం 15 నిమిషాలు కేటాయించండి. చర్చకు సమయం చాలదనిపిస్తే సంభాషణనే మధ్యలో ఆపేయండి గానీ, చర్చను మాత్రం కుదించవద్దు.

రోగి పాత్ర వేసేవారి చేతికి ఈ వివరాలున్న కార్డు ఇవ్వాలి. పేరు వీరన్న, వయసు 42, సెంట్రింగ్ మేస్త్రి. ఇది కల్పిత పాత్ర. వారానికి ఐదు రోజులు సాయంత్రం ఒక క్వార్టర్ తాగుతాడు. మన దేశంలో 10 గ్రాముల ఆల్కహాల్‌ను ఒక డ్రింకుగా లెక్కిస్తారు, 180 మి.లీ. విస్కీలో సుమారు 60 గ్రాములు ఉంటుంది కనుక క్వార్టర్ అంటే ఆరు డ్రింకులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల ఆడిట్ పరీక్షలో ఆయనకు 40కి 17 వచ్చింది. రక్తపోటు 150/96. జీజీటీ 148. స్కానింగ్‌లో లివర్‌లో కొవ్వు కనిపించింది. భార్య బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

ఆడిట్ స్కోరు 17 ఉన్నవాణ్ణి ఎంచుకోవడానికి కారణముంది. 16 నుంచి 19 మధ్య ఉన్నవారికి తాగుడు హాని చేస్తూ ఉంటుంది గానీ, చాలామందిలో శరీరం ఇంకా దానికి పూర్తిగా బానిస అయి ఉండదు. అటువంటివారితో ఇలాంటి సంభాషణ నేరుగా పని చేస్తుంది. 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆధారపడటం ఉందేమోనని విడిగా పరీక్షించాలి. స్కోరు ఎంతైనా సరే, పొద్దున్న లేవగానే చేతులు వణుకుతాయా, ఒక పెగ్గు పడితే ఆ వణుకు తగ్గుతుందా, గతంలో ఆపినప్పుడు ఫిట్స్ గానీ మతిభ్రమ గానీ వచ్చాయా అన్న ప్రశ్నలు ముందే అడిగి ఉండాలి. అవునన్నవారిని ఇంటి దగ్గర ఒక్కసారిగా మానమని చెప్పడం ప్రమాదకరం. ఫిట్స్ సాధారణంగా ఆపిన మొదటి రెండు రోజుల్లో, తీవ్రమైన మతిభ్రమ రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తాయి. వారికి ముందు థయమిన్‌తో, ఉపసంహరణ మందులతో వైద్య పర్యవేక్షణ కావాలి, సంభాషణ దానితోపాటు నడవాలి. వీరన్నకు ఈ లక్షణాలేవీ లేవని కార్డు మీద రాయండి.

ముందు తప్పుగా చేసి చూడండి

ఇది రెండు నిమిషాలు చాలు. దీన్ని నవ్వులాటగా కాక, మనం రోజూ ఓపీలో చేసేదే చేస్తున్నట్టు చేయాలి.

డాక్టర్: రిపోర్టు చూశాను. లివర్ దెబ్బతింటోంది. మందు మానేయాలి వీరన్న గారూ.

వీరన్న: నేనేం రోజూ తాగనండి మేడం.

డాక్టర్: వారానికి ఐదు రోజులంటే రోజూ తాగినట్టే కదా.

వీరన్న: మా నాన్న డెబ్బై ఏళ్లొచ్చేదాకా తాగాడండి. ఆయనకేం కాలేదు.

డాక్టర్: అందరి ఒళ్లూ ఒక్కలా ఉండదు. పిల్లల గురించైనా ఆలోచించాలి కదా?

వీరన్న: పిల్లలకు నేనేం లోటు చేయలేదండి.

డాక్టర్: ఇలాగే ఉంటే రేపు ఆ పిల్లలకే కష్టం.

వీరన్న: సరేనండి. మానేస్తాను.

ఇక్కడ ఆపి, రోగి పాత్ర వేసినవారిని ఒక్కటే అడగండి: "మానేస్తాను" అన్నప్పుడు మీ మనసులో ఏముంది? నేను నడిపిన శిక్షణల్లో తరచుగా వచ్చే జవాబు "బయటపడాలని ఉంది" అన్నదే. కాగితం మీద అది ఒప్పుకోలులా కనిపిస్తుంది; గదిలో మాత్రం అది తలుపు మూసే మాట. డాక్టరు చెప్పిన విషయాల్లో అబద్ధమేమీ లేదు, ఉద్దేశంలో లోపమూ లేదు. తప్పు కనిపిస్తే వెంటనే సరిదిద్దాలన్న తపన మన వృత్తిలోనే ఉంది; విరిగిన ఎముకకు పనికొచ్చే ఆ తపనే ఊగిసలాడే మనసు దగ్గర ఎదురు తిరుగుతుంది. వీరన్న పలికిన ప్రతి వాక్యమూ తాగుడును సమర్థించిందని, వాటిని ఆయన చేత పలికించింది మనమేనని పరిశీలకులు చూపించాలి.

మొదటి మూడు నిమిషాలు: ఆయన వైపు నిలబడటం

డాక్టర్: రండి వీరన్న గారూ, కూర్చోండి. మొన్న పరగడుపున వచ్చి రక్తం ఇచ్చి, ఇవాళ మళ్లీ పని ఆపుకుని వచ్చారు.

వీరన్న: ఆవిడ పోరు పడలేక వచ్చానండి. నాకేం లేదు.

డాక్టర్: మీకై మీరు అనుకుని వచ్చింది కాదు, ఇంట్లో బలవంతం మీద వచ్చారు.

వీరన్న: అంతేనండి. ఏది జరిగినా మందు వల్లే అంటుంది. తలనొప్పి వచ్చినా అదే, కోపం వచ్చినా అదే.

డాక్టర్: ప్రతిదానికీ ఆ ఒక్క మాటే వినపడుతుంటే విసుగొస్తుంది.

వీరన్న: వస్తుంది మరి. (కాసేపు ఆగి) అయినా తననీ తప్పు పట్టలేనులెండి. పోయిన నెల స్లాబు రోజు నేను లేవలేకపోయాను.

డాక్టరు మాటల్లో ఒక్క ప్రశ్న కూడా లేదని గమనించండి. రోగి చెప్పినదాన్ని, దాని వెనక ఉన్న భావంతో సహా, వాక్యంగా తిరిగి చెప్పడాన్ని రిఫ్లెక్షన్ అంటారు. తెలుగులో ఇది చేయడంలో ఒక చిక్కు ఉంది. మన భాషలో వాక్యం చివర ఒక దీర్ఘం చేరిస్తే చాలు, ప్రశ్న అయిపోతుంది. "విసుగొస్తుంది" అంటే రిఫ్లెక్షన్, "విసుగొస్తుందా?" అంటే విచారణ. నేర్చుకునేవారు అలవాటు కొద్దీ ప్రతి రిఫ్లెక్షన్‌కూ ఆ దీర్ఘం తగిలిస్తారు, దానితో రోగి అవుననో కాదనో జవాబిచ్చి ఊరుకుంటాడు. దీర్ఘం తీసేసి, గొంతును వాక్యం చివర కిందికి దించి పలకడం విడిగా సాధన చేయవలసిందే. కొందరు దీర్ఘం బదులు "అన్నమాట" చేరుస్తారు. ఒకటి రెండుసార్లు బాగానే ఉంటుంది గానీ, మాటిమాటికీ వస్తే తీర్పు చెబుతున్నట్టు వినిపిస్తుంది.

రెండో విషయం, భార్య మీద ఆయన చెప్పిన ఫిర్యాదును డాక్టరు ఖండించలేదు. "ఆవిడ మీ మంచికే కదా చెబుతోంది" అని ఉంటే, ఆవిడ తప్పును నిరూపించడానికి వీరన్న ఇంకా రెండు సంఘటనలు చెప్పేవాడు. విసుగును అంగీకరించగానే "తననీ తప్పు పట్టలేను" అన్న మాట ఆయన నోటి నుంచే వచ్చింది. ఊగిసలాటలో రెండో సగం ఇలాగే బయటపడుతుంది: ఒక వైపు నొక్కడం ఆపితే రెండో వైపు దానంతట అదే పైకి లేస్తుంది.

స్లాబు రోజు

వీరన్న ఇప్పుడు డాక్టరు చేతికి ఒక మాట అందించాడు. దాన్ని వదిలేసి రిపోర్టు తెరిచే డాక్టర్లే ఎక్కువ. రిపోర్టు ఎక్కడికీ పోదు. అందుకని ముందు ఈ మాట పట్టుకోండి.

డాక్టర్: స్లాబు రోజు.

వీరన్న: కాంక్రీటు పోసే రోజండి. మేస్త్రి లేకుండా స్లాబు పడదు. ముందు రోజు రాత్రి కాస్త ఎక్కువైంది. మా బావమరిది నిలబడి చేయించాడు. ఇంటి ఓనరు నన్నేమీ అనలేదు గానీ, డబ్బు మాత్రం నా చేతికి కాకుండా బావమరిది చేతికిచ్చాడు.

డాక్టర్: ఆయన పల్లెత్తు మాట అనకపోయినా, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లిందన్నది మీకు బాగా తగిలింది.

వీరన్న: తగలదా అండి? ఇరవై ఏళ్లుగా నా పేరు చూసి పనిస్తున్నారు.

డాక్టర్: వీరన్న మేస్త్రి చెప్పాడంటే ఆ రోజుకు పని అవుతుందని.

వీరన్న: అవునండి. (ఆగి) కానీ మేడం, మా పని మీకు తెలియదు. పొద్దంతా రాడ్లు మోసి, పలకలు బిగించి దిగితే ఒళ్లు హూనమవుతుంది. ఓ క్వార్టర్ పడకపోతే నిద్ర పట్టదు. పైగా సాయంత్రం పనివాళ్లతో కూర్చోకపోతే మర్నాడు వాళ్లు ఇంకో మేస్త్రి దగ్గరికి పోతారు.

డాక్టర్: మందుతో ఒళ్లు నొప్పి తెలియదు, పనివాళ్లూ నిలబడతారు, మళ్లీ అదే మందు వల్ల స్లాబు రోజున మీరే లేకుండా పోయారు.

వీరన్న: (చాలాసేపు మౌనం) అదేనండి వచ్చిన చిక్కు.

ఈ భాగంలో అందరూ తడబడేది "కానీ" దగ్గర. వీరన్న మెత్తబడి, వెంటనే "కానీ" అని వెనక్కి తగ్గాడు. ఇది మొండితనం కాదు, ఊగిసలాట సహజంగా కదిలే తీరే అది. అక్కడ "నొప్పులకు వేరే మాత్రలున్నాయి" అని పరిష్కారం అందిస్తే, ఆ మాత్రలు ఎందుకు పనికిరావో వినవలసి వస్తుంది. డాక్టరు రెండు వైపులనూ ఒకే వాక్యంలో పెట్టింది, రెండు జాగ్రత్తలతో. రెండు సగాలను "కానీ"తో కలపలేదు. ఎందుకంటే "కానీ" తన ముందున్న మాటను కొట్టిపారేస్తుంది, "మళ్లీ అదే" అన్న మాట రెండింటినీ నిలబెడుతుంది. ఇక మార్పు వైపున్న సగాన్ని చివర ఉంచింది; ఎదుటివాడు సాధారణంగా చివర విన్నదానికే జవాబిస్తాడు. వరుస తిప్పి, ఒళ్లు నొప్పులను చివర పెట్టి ఇదే సన్నివేశం ఇంకోసారి చేయించండి, తేడా మీకే వినిపిస్తుంది.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. తాగడం వల్ల లాభాలు, నష్టాలు అని కాగితం మీద రెండు గడులు గీసి నింపించడం మన శిక్షణల్లో బాగా అలవాటైన పని. ఇంకా నిర్ణయానికి రాని రోగితో ఆ పని చేస్తే, లాభాల గడి కూడా అంతే శ్రద్ధగా నిండుతుంది, మారాలన్న పట్టుదల తగ్గే అవకాశం ఉంది. మిల్లర్ కూడా తరువాతి రచనల్లో, ఒక వైపుకు మొగ్గకుండా తటస్థంగా ఉండదలచిన సందర్భాలకే దాన్ని పరిమితం చేశాడు. వీరన్న తనంతట తాను లాభాలు చెబితే వినండి. మీరుగా వాటి జాబితా అడగవద్దు.

మౌనం గురించి ప్రత్యేకంగా రాయడం అవసరమా అనిపించవచ్చు గానీ, అవసరమే. ఆ "చాలాసేపు" అంటే నాలుగైదు సెకన్లు. డాక్టరు పాత్రలో ఉన్నవారికి అది నిమిషంలా అనిపిస్తుంది. పరిశీలకులు వేళ్ల మీద ఐదు లెక్కపెట్టేదాకా డాక్టరు నోరు విప్పకూడదని నియమం పెట్టుకోండి.

రిపోర్టు చెప్పడం

డాక్టర్: రక్తపరీక్ష వివరాలు వచ్చాయి. మందు వల్ల లివర్‌కు ఏమవుతుందో మీకు తెలిసింది ముందు చెబుతారా?

వీరన్న: పాడవుతుందంటారండి. కానీ అది నాటుసారా తాగేవాళ్లకు. నేను మంచి సరుకే తాగుతాను.

డాక్టర్: లివర్ మీద పడుతుందని తెలుసు మీకు. సరుకు గురించి నాకు తెలిసింది చెప్పమంటారా?

వీరన్న: చెప్పండి.

డాక్టర్: ఏ సీసాలోదైనా లివర్‌కు చేరేది ఆల్కహాలే. ఒక క్వార్టర్‌లో అది అరవై గ్రాముల దాకా ఉంటుంది. మీ లివర్ పరీక్షల్లో ఒకటి అరవై లోపు ఉండవలసింది, నూట నలభై ఎనిమిది ఉంది. స్కానింగ్‌లో కొవ్వు కనిపించింది. ఈ దశలో మందు ఆపితే చాలామందికి ఇది తగ్గుతుంది. ఇది విన్నాక మీకేమనిపిస్తోంది?

వీరన్న: తగ్గుతుందంటే ఇంకా చెయ్యి దాటలేదన్నమాట.

డాక్టర్: ఇప్పుడు చూసుకుంటే బాగవుతుందని అనిపిస్తోంది.

సమాచారం ఇవ్వడం ఈ పద్ధతిలో నిషిద్ధమని కొందరు పొరబడతారు. ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా; అయితే ముందు ఆయనకు తెలిసింది అడగాలి, అనుమతి తీసుకుని కొద్దిగా చెప్పాలి, తరువాత ఆయనకేమనిపించిందో అడగాలి. మూడోదాన్నే మనం మరిచిపోతాం. "మంచి సరుకు" అన్న నమ్మకం చాలా బలమైనది. ముందే అడగకపోతే అది బయటికి రాదు, మనం చెప్పిన అంకెలన్నీ నాటుసారా తాగే ఇంకెవరికో వర్తిస్తాయని అనుకుంటూ ఆయన తల ఊపుతాడు.

"ఇంకా చెయ్యి దాటలేదు" అన్న మాటకు రెండు అర్థాలున్నాయి: ఇంకొన్నాళ్లు తాగవచ్చు అని ఒకటి, ఇప్పుడే ఆపాలి అని ఒకటి. డాక్టరు రెండోదాన్ని ఎంచుకుని పలికింది. ఇది ఊహే, తప్పయితే వీరన్నే సరిదిద్దుతాడు. అయితే ఆయన ముఖంలో గానీ మాటలో గానీ ఆ అర్థం ఆనవాలే లేనప్పుడు దాన్ని ఆయనకు అంటగట్టకూడదు.

పదికి ఎన్ని

డాక్టర్: మందు విషయంలో ఏదో ఒకటి మార్చుకోవడం మీకెంత ముఖ్యం? పదికి ఎన్ని మార్కులు వేస్తారు?

వీరన్న: ఐదనుకోండి.

డాక్టర్: రెండో మూడో కాకుండా ఐదు వేశారు. ఎందుకని?

వీరన్న: మా అబ్బాయి డిప్లొమా సివిల్ చదువుతున్నాడండి. సెలవుల్లో సైటుకొచ్చాడు. సాయంత్రం మావాళ్లు సీసా తీయగానే వాడు బండేసుకుని వెళ్లిపోయాడు. ఏమీ అనలేదు. వెళ్లిపోయాడంతే.

డాక్టర్: ఓనరూ ఏమీ అనలేదు, అబ్బాయీ ఏమీ అనలేదు.

వీరన్న: (తల దించుకుని) అవునండి.

డాక్టర్: మరి మార్చుకుందామని గట్టిగా అనుకుంటే, చేయగలనన్న నమ్మకం పదికి ఎంత?

వీరన్న: మూడు.

డాక్టర్: ఒకటి కాకుండా మూడు.

వీరన్న: అయ్యప్ప మాల వేసినప్పుడు నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదండి. రెండేళ్ల కిందట.

"ఎనిమిది ఎందుకు వేయలేదు?" అని అడిగితే రోగి తన బలహీనతలు చెబుతాడు. "రెండెందుకు కాదు?" అని అడిగితే కారణాలు చెబుతాడు. ప్రశ్న తిరిగిన దిశను బట్టే జవాబు వస్తుంది. తప్పుగా చేసిన మొదటి విడతలో పిల్లల ప్రస్తావన తెచ్చింది డాక్టరు, వీరన్న దాన్ని తోసిపుచ్చాడు. ఇక్కడ కొడుకు మాట ఆయనే తెచ్చాడు, డాక్టరు దానికి ఒక్క విశేషణం కూడా చేర్చలేదు.

మాల సంగతి దగ్గర శిక్షణలో తప్పకుండా ఆగండి. ఇక్కడ నోటికొచ్చే వాక్యం "అప్పుడు మానగలిగినవాళ్లు ఇప్పుడెందుకు మానలేరు?" అన్నది. అది పొగడ్తలా మొదలై నిందలా ముగుస్తుంది. దాని బదులు ఆ నలభై ఒక్క రోజుల వివరాలు అడగాలి.

డాక్టర్: నలభై ఒక్క రోజులు. మొదటి మూడు నాలుగు రోజులు ఎలా గడిచాయి?

వీరన్న: నిద్ర సరిగ్గా పట్టలేదండి. వణుకూ గిణుకూ ఏం లేదు. వారానికి అలవాటైపోయింది.

డాక్టర్: ఒళ్లు నొప్పులు, పనివాళ్లు?

వీరన్న: పొద్దున్నే చన్నీళ్ల స్నానం, రాత్రి తొందరగా పడక. నొప్పులు పెద్దగా తెలియలేదు. పనివాళ్లంటారా, మాలలో ఉన్నవాణ్ణి ఎవరూ తాగమనరు కదండి. స్వామీ అని పక్కకి తప్పుకునేవారు.

డాక్టర్: ఒళ్లు ఓర్చుకుంది. మెడలో మాల ఉంటే పనివాళ్లకు జవాబు చెప్పవలసిన పని కూడా లేకపోయింది.

వీరన్న: మాల తీసిన సాయంత్రమే మొదలైందండి మళ్లీ.

ఈ మూడు జవాబుల్లో వైద్యపరంగానూ, సంభాషణపరంగానూ మనకు కావలసినదంతా ఉంది. ఆయన ఇంతకు ముందు ఒక్కసారిగా ఆపినప్పుడు వణుకు రాలేదు. అప్పటి మోతాదు ఇప్పటికన్నా తక్కువేమో అడిగి తెలుసుకోవాలి. "నిద్ర పట్టదు, నొప్పులు" అన్న అభ్యంతరాలకు జవాబు డాక్టరు చెప్పకుండానే ఆయన అనుభవం నుంచి వచ్చింది. అన్నింటికీ మించి, అసలు అడ్డంకి శరీరంలో లేదని, సాయంత్రం ఐదున్నరకు పనివాళ్లకు చెప్పవలసిన ఒక్క మాటలో ఉందని తేలింది. మాల ఆయనకు ఆ మాట అవసరం లేకుండా చేసింది. మాల తీశాక దాని స్థానంలో నిలిచేది ఏమిటన్నదే ప్రణాళికలో తేల్చవలసింది.

"చూస్తానండి" దగ్గర ఏం చేయాలి

డాక్టర్: మీరు చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను, తప్పుంటే ఆపండి. సాయంత్రం మందు ఒంటికి సుఖంగా ఉంటుంది, పనివాళ్లతో కలుపుతుంది. అదే మందు వల్ల స్లాబు డబ్బు ఇంకొకరి చేతికి వెళ్లింది, అబ్బాయి బండేసుకుని వెళ్లిపోయాడు. లివర్ ఇంకా చెయ్యి దాటలేదు. మాల వేసినప్పుడు నలభై ఒక్క రోజులు మీరే ఆపారు. ఇప్పుడేం చేద్దామనుకుంటున్నారు?

వీరన్న: చూస్తానండి.

డాక్టర్: ఏదో ఒకటి చేయాలనుంది. దేనితో మొదలవుతుందో చూద్దాం.

వీరన్న: స్లాబు ముందు రోజు ముట్టకూడదండి. అది మటుకు ఖాయం. (ఆగి) ఆపితే ఆ నూట నలభై ఎనిమిది ఎన్నాళ్లకు తగ్గుద్దండి?

డాక్టర్: పూర్తిగా ఆపితే నాలుగు వారాలకు తేడా తెలుస్తుంది. నా అభిప్రాయం చెప్పమంటారా?

వీరన్న: చెప్పండి.

డాక్టర్: లివర్ కోసమైతే పూర్తిగా ఆపడమే మంచిది. ఎలా, ఎప్పుడు అన్నది మీ చేతిలో ఉంది.

వీరన్న: ఒక నెల ఆపి రక్తం ఇస్తాను. ఆ తరవాత సంగతి ఆ తరవాత.

డాక్టర్: ఒక నెల. సాయంత్రం పనివాళ్లు గ్లాసు చేతికిస్తే ఏమంటారు?

వీరన్న: రక్తపరీక్ష ఉంది, డాక్టరమ్మ వద్దంది అంటాను. మీ పేరు చెప్పుకుంటాను మేడం.

డాక్టర్: తప్పకుండా చెప్పండి.

తెలుగులో నిబద్ధత ఎంతుందో క్రియ చివరే తెలిసిపోతుంది, పరిశీలకులు వాటినే రాసుకోవాలి. "మానాలండి" అన్నది అవసరం. డాక్టరును సంతోషపెట్టడానికి కూడా అంటారు. "మానాలనుంది" అన్నది కోరిక, "మానగలను" అన్నది సామర్థ్యం. "చూస్తాను" అన్నది మర్యాదగా వాయిదా వేయడం. "ముట్టకూడదు, అది మటుకు ఖాయం" అన్నది ఒక రోజుకూ ఒక సందర్భానికీ కట్టుబడిన మాట. పెద్దగా వినిపించే "ఇక జన్మలో ముట్టను" కన్నా దీని విలువ ఎక్కువ. "చూస్తాను" అన్నచోట "చూస్తాను కాదు, గట్టిగా చెప్పండి" అని బిగిస్తే మళ్లీ మొదటి విడతలోని "మానేస్తాను" వస్తుంది.

డాక్టరు తన అభిప్రాయాన్ని దాచలేదు. కొవ్వు పట్టిన లివర్ ఉన్న మనిషికి "కొంచెం తగ్గిస్తే చాలు" అని చెప్పడం నిజాయితీ కాదు. అనుమతి అడిగి, ఒక్కసారి చెప్పి, నిర్ణయాన్ని ఆయనకు వదిలింది. ఇక సాయంత్రం గ్లాసు ప్రశ్న అడగకుండా ఈ సంభాషణ ముగించవద్దు. మాల స్థానంలో "రక్తపరీక్ష" నిలబడింది ఆ ప్రశ్న వల్లనే.

భార్యను లోపలికి పిలవడం ఆయన ఒప్పుకున్నాకే జరగాలి, సాక్ష్యం చెప్పించడానికి కాక ఈ నెల ప్రణాళికను వినిపించడానికి. ఆవిడ "తెలియకుండా అన్నంలో కలిపే మాత్ర" అడిగితే స్పష్టంగా నిరాకరించండి. డైసల్ఫిరామ్ కడుపులో ఉందని తెలియక తాగిన మనిషికి రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

చర్చలో లెక్కించవలసినవి

పరిశీలకులు కాగితం మీద రెండు లెక్కలు మాత్రం వేయాలి: డాక్టరు ప్రశ్నలెన్ని, రిఫ్లెక్షన్లు ఎన్ని. రిఫ్లెక్షన్లు ప్రశ్నలకు సమానంగా ఉంటే పరవాలేదు, రెట్టింపు ఉంటే బాగా చేసినట్టు. పై స్క్రిప్టులోనే చివరి భాగాల్లో ప్రశ్నలు పెరిగాయి, గమనించండి. అక్కడ ఇంకేం చేయవచ్చో మీరే వాక్యాలు రాసి చూడండి. రోగి పాత్ర వేసేవారికి ఒక సూచన ఇవ్వాలి: ఏ మాటకూ లొంగని రోగిగా నటించవద్దు. డాక్టరు మాట మనసుకు తగిలితే మెత్తబడండి, గుచ్చుకుంటే గట్టిపడండి. మీ స్పందనే వారికి పాఠం.

చివరి విడతగా నాలుగు వారాల తరువాతి సందర్శన ఆడించండి. వీరన్న వచ్చి "రెండుసార్లు తప్పానండి" అంటాడు. డాక్టరు ఆ రెండు రోజులను ముందు తవ్వకుండా, మిగతా రోజులు ఎలా గడిచాయో, సాయంత్రాలు పనివాళ్లకు ఏం చెప్పాడో అడగాలి. తరువాత ఆ రెండు సాయంత్రాల్లో తేడా ఏమిటో ఆయనే చెబుతాడు. జీజీటీ తగ్గి ఉంటే అంకె చూపించి, "ఏమనిపిస్తోంది?" అని అడగండి. తగ్గకపోతే దాన్ని అబద్ధానికి రుజువుగా వాడవద్దు. ఊబకాయం, షుగరు, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులు కూడా ఆ అంకెను పైకే ఉంచగలవు. ముందు వాటిని చూసి, తరువాతే ఆయనతో మాట్లాడండి.